14×11 గదికి జిప్సం ఫాల్స్ సీలింగ్: ఎన్ని షీట్లు, ఎంత ఛానల్, ఎన్ని స్క్రూలు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కంతా ఒకే గది మీద నడుస్తుంది. 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, మధ్యలో ఒక ఫ్యాను, మెట్లూ డిజైన్లూ లేని సమతలమైన సీలింగ్. శ్లాబుకి 8 అంగుళాల కిందికి దించుతున్నాం. మీ గది కొలతలు వేరైనా లెక్క వేసే వరుస ఇదే. భీమవరంలోనో అమలాపురంలోనో షాపు పక్కనే ఉన్నవాళ్లకి ఒక షీట్ తగ్గినా పెద్ద ఇబ్బంది లేదు. నరసాపురం రేవులో పంటు దాటించో, లంక ఊళ్లకి ట్రాలీ ఆటో మాట్లాడుకునో సామాను తెచ్చుకునేవాళ్లకి మాత్రం ఆ ఒక్క షీట్ కోసం పని ఒక రోజు ఆగిపోతుంది.

గది విస్తీర్ణాన్ని షీట్ విస్తీర్ణంతో భాగిస్తే సరిపోదా?

సరిపోదు. మామూలుగా దొరికే షీట్ 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 12.5 మి.మీ. మందం ఉంటుంది. అంటే 24 చదరపు అడుగులు. మన గది 154 చదరపు అడుగులు. భాగిస్తే 6.4 వస్తుంది, కాబట్టి 7 షీట్లు చాలనిపిస్తుంది. కానీ షీట్ చివర ఎక్కడ పడితే అక్కడ ఆగితే కుదరదు, దాని వెనక ఇనుప సెక్షన్ ఉండి తీరాలి. పైగా పక్క పక్క వరుసల్లో అతుకులు ఒకే గీత మీదికి రాకూడదు. ఈ రెండు షరతులూ పాటిస్తే ముక్కలు మనం అనుకున్నట్టు కలిసిరావు. అందుకే ముందు కాగితం మీద గది గీసుకోవాలి, తరవాతే షాపుకి వెళ్లాలి.

ఫ్రేములో ఏయే ముక్కలు ఉంటాయి?

గోడ చుట్టూ బిగించేది పెరిమీటర్ ఛానల్. శ్లాబు నుంచి వేలాడే మెయిన్ లైన్ ఇంటర్మీడియట్ ఛానల్. దాని కిందుగా, దానికి అడ్డంగా వచ్చేది సీలింగ్ సెక్షన్, షీటుకి స్క్రూ పడేది దీనికే. ఇంటర్మీడియట్ ఛానల్‌నీ సెక్షన్‌నీ పట్టి ఉంచేది తీగ క్లిప్పు. శ్లాబుకి ఫాసెనర్‌తో క్లీట్ బిగించి, దాని నుంచి సన్నటి యాంగిల్ ముక్కని కిందికి దించి ఇంటర్మీడియట్ ఛానల్‌ని వేలాడదీస్తారు. ఈ మూడూ కలిపితే ఒక హ్యాంగర్.

ఛానళ్లు ఎక్కువగా 12 అడుగుల పొడవులో దొరుకుతాయి. లెక్క వేసేముందు మీ షాపులో ఉన్న పొడవు ఎంతో ఒకసారి అడగండి. అది మారితే కింద చెప్పిన ముక్కల లెక్కంతా మారుతుంది.

మొదట తేల్చుకోవాల్సింది ఏమిటి?

సెక్షన్లు గదికి ఏ దిక్కున పరుస్తున్నారన్నది. షీట్ల సంఖ్య, ఛానల్ పొడవు, క్లిప్పులు, స్క్రూలు అన్నీ దాని మీదే ఆధారపడతాయి.

సెక్షన్‌కీ సెక్షన్‌కీ మధ్య దూరం 457 మి.మీ., అంటే 18 అంగుళాలు. షీట్ పొడవు 6 అడుగులంటే 72 అంగుళాలు. నాలుగు పద్దెనిమిదులు డెబ్బై రెండు. కాబట్టి షీట్‌ని సెక్షన్లకి అడ్డంగా పెడితే దాని చివర సరిగ్గా ఒక సెక్షన్ నడిమికి వస్తుంది. సెక్షన్ ముఖం సుమారు 2 అంగుళాలు ఉంటుంది. అందులో ఈ షీటుకి ఒక అంగుళం, పక్క షీటుకి ఒక అంగుళం. అంత ఇరుకు చోటులో రెండు వరుసల స్క్రూలు పడాలి కాబట్టి, సెక్షన్ అర అంగుళం జరిగినా ఒక షీట్ చివర గాలిలో ఉండిపోతుంది. మేస్త్రి మొదటి సెక్షన్ పెట్టగానే గోడ నుంచి టేపు పెట్టి 18, 36, 54, 72 దగ్గర పెన్సిల్ గీతలు గీయించండి. ఈ పని మాత్రం దగ్గరుండి చేయించుకోవాలి.

మన గదిలో సెక్షన్లని 11 అడుగుల వైపు పరుద్దాం. 12 అడుగుల ముక్క నుంచి ఒక అడుగు కోస్తే అతుకు లేకుండా గోడ నుంచి గోడకి ఒకటే ముక్క వస్తుంది. 14 అడుగులంటే 168 అంగుళాలు. 18 అంగుళాలకి ఒకటి చొప్పున 162 వరకూ 9 సెక్షన్లు వస్తాయి. చివరిది అవతలి గోడకి 6 అంగుళాల దూరంలోనే ఉందని దాన్ని తీసేయొద్దు. తీసేస్తే అక్కడ 24 అంగుళాల ఖాళీ వస్తుంది. కాబట్టి సెక్షన్లు 9 ముక్కలు.

ఇప్పుడు షీట్లు ఎన్ని?

షీట్ పొడవు గది పొడవు వెంట వస్తుంది. 11 అడుగుల వెడల్పులో మూడు వరుసలు: 4 అడుగులు, 4 అడుగులు, 3 అడుగులు.

మొదటి వరుసలో 6, 6, 2 అడుగుల ముక్కలు పెడదాం. రెండో వరుస కూడా ఇలాగే పెడితే అతుకులు ఒకే గీత మీద కలుస్తాయి, ఏడాది తిరక్కుండా అక్కడ పగులు కనిపిస్తుంది. వరుసని తిప్పేసి 2, 6, 6 అని పెడదామంటే అతుకు 24 అంగుళాల దగ్గర పడుతుంది, అక్కడ సెక్షన్ లేదు. కాబట్టి జరిపేది 18 అంగుళాల లెక్కలోనే జరపాలి. రెండో వరుస 3, 6, 5 అడుగులు. అతుకులు 36, 108 అంగుళాల దగ్గర సెక్షన్ల మీదే పడతాయి. మూడో వరుస మళ్లీ 6, 6, 2, కానీ 3 అడుగుల వెడల్పుతో.

ముక్కలు ఎక్కడి నుంచి వస్తాయో చూడండి. మొదటి వరుసకి రెండు నిండు షీట్లు, రెండో వరుసకి ఒకటి. ఇంకో షీట్‌ని సగానికి కోస్తే ఒక 3 అడుగుల ముక్క రెండో వరుసకి వెళ్తుంది, మిగతా సగంలోంచి మొదటి వరుసకి కావాల్సిన 2 అడుగుల ముక్క వస్తుంది. 5 అడుగుల ముక్కకి ఒక షీట్. మూడో వరుసకి 3 అడుగుల వెడల్పున నిలువుగా కోసిన రెండు షీట్లు. చివరగా 2×3 ముక్క ఒకటి మిగిలింది. ముందు కోసిన వాటిలో మిగిలినవన్నీ అడుగు వెడల్పు పీలికలే, వాటిలోంచి ఇది రాదు. దానికోసం ఇంకో షీట్ తెంచాల్సిందే. మొత్తం 8 షీట్లు.

విస్తీర్ణం లెక్క 7 అని చెప్పింది, పని 8 అడిగింది. 154కి పదిశాతం కలిపి 24తో భాగించినా 7 దాటి 8కే వస్తుంది. ఇక్కడ రెండు లెక్కలూ కలిశాయి కానీ ప్రతి గదిలోనూ కలవవు.

మా మేస్త్రి సెక్షన్లు పొడవు వైపు పరుస్తానంటున్నాడు. తప్పా?

తప్పు కాదు. నిజానికి ఈ గదికి ఆ పద్ధతిలో ఒక షీట్ మిగులుతుంది. సెక్షన్లు 14 అడుగుల వైపు పరిస్తే 7 లైన్లు చాలు, కానీ ఒక్కో లైనుకి 12 అడుగుల ముక్కకి ఇంకో రెండున్నర అడుగులు అతకాలి. ఆ అర అడుగు ఒకదాని మీద ఒకటి ఎక్కించడానికి. ఏడు పొడుగు ముక్కలు, అతుకులకి మరో రెండు, మొత్తం మళ్లీ 9 ముక్కలే. షీట్లు మాత్రం 4, 4, 4, 2 అడుగుల వరుసల్లో వస్తాయి. చివరి 2 అడుగుల వరుస మొత్తం ఒకే షీట్‌ని నిలువునా రెండు చేస్తే సరిపోతుంది, అక్కడే లాభం. అతుకులు జరిపి పెట్టినా 7 షీట్లతో పని అయిపోతుంది.

బదులుగా ఏడు సెక్షన్లకి ఏడు అతుకులు వస్తాయి. అతుకులన్నీ ఒకే వైపు రాకుండా ఒకటి ఈ గోడ వైపు, ఒకటి ఆ గోడ వైపు మార్చి పెట్టాలి, ప్రతి అతుకునీ స్క్రూలతో బిగించాలి. అంత శ్రద్ధగా చేసే మేస్త్రి అయితే సరే. నా మటుకు నేను ఒక షీట్ ఎక్కువైనా అతుకులేని సెక్షన్లకే మొగ్గుతాను, ఎందుకంటే అతుకు దగ్గర రెండు మి.మీ. తేడా వచ్చినా పుట్టీ పెట్టాక కూడా అక్కడ వెలుగు విరిగి కనిపిస్తుంది.

ఇంకో విషయం, కిటికీ ఎటు ఉందో చూడండి. షీట్ పొడవు అంచుల అతుకులు వెలుగు వచ్చే దిక్కునే పోతే కంటికి ఆనవు. వెలుగుకి అడ్డంగా ఉంటే ప్రతి అతుకూ పొద్దున పూట నీడ వేస్తుంది.

సెక్షన్లు రెండు అడుగులకి ఒకటి పెడితే ఏమవుతుంది?

మన దగ్గర చాలామంది ఇలాగే పెడతారు. పెట్టడం తేలిక కూడా: 2, 4, 6 అడుగుల దగ్గర అన్ని అతుకులూ సెక్షన్ల మీదే పడతాయి, షీట్లు 7తో సరిపోతాయి, సెక్షన్లు 9 బదులు 6 చాలు. చదరపు అడుగు రేటుకి ఒప్పుకున్న పనిలో ఇది ఎందుకు జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కానీ 12.5 మి.మీ. షీటుకి మన దేశంలో తయారీదారులు చెప్పే దూరం 457 మి.మీ.లే. జిప్సం తేమ పీలిస్తే మెత్తబడుతుంది. వర్షాకాలమంతా, ఆపైన తుపాన్ల కాలంలోనూ గాలిలో చెమ్మ నిలిచి ఉండే డెల్టాలో ఆ దూరం పెంచడం మంచిది కాదు. షీట్ రెండు సెక్షన్ల మధ్య కొద్దిగా కిందికి దిగుతుంది. పగలు చూస్తే తెలియదు. రాత్రి లైట్లు ఆర్పేసి, టార్చిని గోడ మూల నుంచి సీలింగ్‌కి ఆనించినట్టు పట్టుకుని వేయండి. వెలుగు, నీడ పట్టీలు పట్టీలుగా కనిపిస్తే షీట్ కుంగినట్టే. ఆ పట్టీలు రెండు అడుగులకి ఒకటి ఉంటే కారణం కూడా దొరికినట్టే.

పెరిమీటర్, ఇంటర్మీడియట్ ఛానళ్లు ఎన్ని కావాలి?

పెరిమీటర్ చుట్టుకొలతే: 14, 14, 11, 11 కలిపి 50 అడుగులు. 12తో భాగిస్తే నాలుగు ముక్కలు దాటుతుంది. 14 అడుగుల గోడలకి ఒక్కో ముక్క పోగా రెండేసి అడుగులు తగ్గుతాయి. 11 అడుగుల గోడల దగ్గర మిగిలిన అడుగేసి ముక్కలు ఎందుకూ పనికిరావు. కాబట్టి 5 ముక్కలు. గోడకి రెండు అడుగులకి ఒక నైలాన్ ప్లగ్గు, స్క్రూ చొప్పున, మూలల దగ్గర అదనంగా కలుపుకుంటే 30 పెట్టుకోండి.

ఇంటర్మీడియట్ ఛానల్ సెక్షన్లకి అడ్డంగా, అంటే 14 అడుగుల వైపు పోతుంది. లైన్ల మధ్య దూరం 1220 మి.మీ.కి, అంటే 4 అడుగులకి మించకూడదు. 11 అడుగులని మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 3 అడుగుల 8 అంగుళాలు. మూడు ఖాళీల మధ్య లైన్లు రెండు. ఒక్కో లైనుకి 14 అడుగులు, అతుకులో ఎక్కించడానికి అర అడుగు. రెండు లైన్లకి 29 అడుగులు, అంటే 3 ముక్కలు.

ఈ రెండు లైన్ల లెక్క గోడలో పెరిమీటర్ ఛానల్ గట్టిగా నిలిచిందన్న నమ్మకం మీదే నడుస్తుంది, సెక్షన్ల చివర్లని మోసేది అదే కదా. పాత ఇల్లయి, గోడ గిలాబా గుల్లబారి తడితే డొల్ల చప్పుడు వస్తుంటే మూడో లైను వేయించండి. ఒక్క ఛానల్, నాలుగు హ్యాంగర్లు, తొమ్మిది క్లిప్పులు ఎక్కువవుతాయి, అంతే.

హ్యాంగర్లు, క్లిప్పులు?

ఒక్కో లైనుకి గోడ నుంచి 1, 5, 9, 13 అడుగుల దగ్గర ఒక్కో హ్యాంగర్. లైనుకి 4, రెండు లైన్లకి 8. కాబట్టి 8 క్లీట్లు, 8 ఫాసెనర్లు, 8 యాంగిల్ ముక్కలు. 8 అంగుళాల దించుకి ఒక్కో ముక్క 10 అంగుళాలు అనుకుంటే మొత్తం ఏడు అడుగులలోపే, ఒక నిడివి చాలు. క్లిప్పులు ప్రతి కూడలికీ ఒకటి: 9 సెక్షన్లు, 2 లైన్లు, 18 క్లిప్పులు. పెట్టేటప్పుడు ఒకటి రెండు వంగిపోతాయి, 20 తెచ్చుకోండి.

ఈ గదికి షీట్ల బరువే సుమారు 120 కిలోలు ఉంటుంది. కాబట్టి ఫాసెనర్ ఎక్కడ దిగుతోందో చూడాలి. సముద్రం దగ్గరి ఊళ్లలో శ్లాబు కడ్డీలు తుప్పు పట్టి పెచ్చులు ఊడటం మామూలే. రంధ్రం వేస్తుంటే బూడిద రంగు గట్టి పొడి కాకుండా మెత్తగా రాలుతున్నా, డ్రిల్లు బిట్ జారిపోయినట్టు లోపలికి పోతున్నా అక్కడ వద్దు, అరడుగు జరపండి. బిగించాక యాంగిల్‌ని పట్టుకుని బలంగా కిందికి లాగి చూడమనండి. అన్ని చోట్లా అదే తీరుగా ఉంటే ముందు శ్లాబుకి మరమ్మతు చేయించాలి.

స్క్రూలు ఎన్ని పడతాయి?

షీటుకి వాడేది 25 మి.మీ. నల్ల డ్రైవాల్ స్క్రూ. 12.5 మి.మీ. షీట్ దాటి మిగతా సగం సెక్షన్‌లోకి దిగి పట్టుకుంటుంది. స్క్రూల మధ్య దూరం 230 మి.మీ., అంటే 9 అంగుళాలు.

4 అడుగుల వెడల్పుకి 6 స్క్రూలు, 3 అడుగులకి 5. ఒక సెక్షన్ మీద మూడు వరుసల షీట్లూ కలిపి 17 స్క్రూలు. 9 సెక్షన్లకి 153. షీట్ చివర్లు కలిసే చోట రెండో షీటుకి కూడా విడిగా వరుస కావాలి, ఆ ఆరు అతుకులకి 34. చుట్టూ పెరిమీటర్ ఛానల్ మీద 50 అడుగులకి 67. మొత్తం 254. జారిపోయేవి, తల చెడిపోయేవి ఉంటాయి కాబట్టి 300 దగ్గర పెట్టుకోండి. పెట్టెలో ఎన్ని ఉంటాయో దాని మీదే చూసుకోవచ్చు.

ఇవి కాక ఇనుముకి ఇనుము బిగించే చిన్న స్క్రూలు వేరు. సెక్షన్ల చివర్లు, ఛానల్ అతుకులు, హ్యాంగర్లకి కలిపి 60 వరకూ పడతాయి. వాటి బదులు షీట్ స్క్రూలే వాడేస్తే తల ఛానల్ కింద పొడుచుకొచ్చి షీట్ సమంగా కూర్చోదు.

స్క్రూ సరిగ్గా దిగిందని ఎలా తెలుస్తుంది?

తల కాగితాన్ని చించకుండా చిన్న గుంట చేసి ఆగాలి. వేలితో నిమిరితే తల తగలకూడదు, అలాగని గుంటలో తెల్లటి పొడి కనిపించకూడదు. పొడి కనిపించిందంటే కాగితం తెగింది, ఆ స్క్రూ ఇక షీట్‌ని మోయదు. దాన్ని పుట్టీతో కప్పేస్తే కుదరదు, రెండు అంగుళాల పక్కన ఇంకోటి వేయాలి. కాగితం మడిచి ఉన్న పొడవు అంచు నుంచి కనీసం 10 మి.మీ., కోసిన అంచు నుంచి 15 మి.మీ. లోపలికి వేయాలి. అంతకంటే అంచుకి వేస్తే జిప్సం చిట్లిపోతుంది.

కొన్ని నెలలకి సీలింగ్ మీద గుండ్రటి చిన్న పొక్కులు లేస్తే అవి సెక్షన్‌కి షీట్ ఆనకముందే బిగించిన స్క్రూలు. స్క్రూ వేసేటప్పుడు రెండో మనిషి షీట్‌ని అరచేత్తో పైకి నొక్కి పట్టుకుంటే ఇది రాదు.

చెమ్మ తట్టుకునే ఆకుపచ్చ షీట్ వాడితే శ్లాబు కారినా పర్వాలేదా?

పర్వాలేదనుకోవద్దు. ఆ షీట్ గాలిలోని చెమ్మని తట్టుకుంటుంది, పైనుంచి కారే నీటిని కాదు. బాత్రూమ్ ఆనుకున్న గదికీ, వంటగదికీ అది మంచిదే. సంఖ్య మారదు, కొలత కూడా అదే. కారే శ్లాబుకి ముందు మరమ్మతు చేయించి, ఒక గట్టి వాన చూశాకే సీలింగ్ మొదలుపెట్టండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పు గాలి తగిలే ఇళ్లలో ఛానల్ కోసిన ప్రతి చివరా జింకు పెయింట్ పూయించండి. జీఐ పూత ఉండేది పైపైనే, కోసిన చోట వట్టి ఇనుమే, తుప్పు అక్కడి నుంచే పాకుతుంది.

ఫ్యాను, లైట్ల వల్ల లెక్క మారుతుందా?

ఫ్యాను బరువు ఫ్రేము మీద పడకూడదు. శ్లాబు హుక్కుకే పొడుగు రాడ్డు వేయాలి. హుక్కు చుట్టూ షీటుకి రంధ్రం చేస్తే చాలు. లైట్ల చోట్లు మాత్రం సెక్షన్లు బిగించకముందే గీసుకోండి, రెండు సెక్షన్ల నడుమ పడేలా. తరవాత ఎలక్ట్రీషియన్ వచ్చి లైటు కోసం సెక్షన్‌ని కోసేస్తే అక్కడ అడ్డముక్క వేయించాల్సి వస్తుంది. పెరిమీటర్‌లో మిగిలిన 8 అడుగుల ముక్కని ఇందుకే ఉంచుకోండి.

కొలతలు ఎప్పుడు, ఎలా తీసుకోవాలి?

గిలాబా ఆరాక, సీలింగ్ వచ్చే ఎత్తులో. కింద గచ్చు దగ్గర తీసిన కొలతకీ పైకొలతకీ తేడా ఉంటుంది. వెడల్పు రెండు చివర్లా, పొడవు రెండు చివర్లా కొలవండి, పెద్దదాన్ని పట్టుకోండి. మూల నుంచి ఎదురు మూలకి తీసిన రెండు కొలతల మధ్య అంగుళం కంటే ఎక్కువ తేడా వస్తే గది మూల తిరిగినట్టు. అప్పుడు గోడని కాకుండా గది నడిమి గీతని ఆధారం చేసుకుని సెక్షన్లు వేయించండి, లేకపోతే షీట్ చివర్లు సెక్షన్‌ని దాటి పక్కకి పోతూ ఉంటాయి.

ఎనిమిదో షీట్‌లో మిగిలింది ఏం చేయాలి?

అందులోంచి 2×3 ముక్క పోగా 4×4 ముక్క ఒకటి నికరంగా మిగులుతుంది. పారేయొద్దు. లైటు రంధ్రం తప్పుగా కోసినా, ఏసీ పైపు చోటు మారినా ఆ ముక్కే అతుకు. గచ్చు మీద నేరుగా కాకుండా రెండు చెక్కల మీద పడుకోబెట్టి, పైన బరువు పెట్టకుండా ఉంచండి. గోడకి ఆనించి నిలబెడితే వానాకాలం ముగిసేసరికి వంగిపోయి ఉంటుంది.